కుటుంబ పింఛను: వితంతువు సమకూర్చుకోవలసిన కాగితాలు, ట్రెజరీలో వాటి పరిశీలన

మగ్రిబ్ నమాజు ముగించి మేము మదరసా వరండాలో కూర్చుని ఉండగా, మా పూర్వ విద్యార్థి ఒకడు ప్లాస్టిక్ సంచి చేతబట్టుకొని వచ్చాడు. అతడి తండ్రి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. రాజోలు ప్రాంతంలోని స్వగ్రామంలో, సొంత ఇంట్లోనే కన్నుమూశారు. అప్పటికి రెండు నెలలు దాటింది. తల్లి ఇద్దత్‌లో ఉంది. "ఉస్తాద్, అమ్మీకి పింఛను రావాలంటే ఏం చేయాలి? ఒకరు తహసీల్దారు ఆఫీసుకు వెళ్లమంటారు, ఒకరు హైదరాబాదు రాయమంటారు, ఇంకొకరు సచివాలయంలో అర్జీ పెట్టమంటారు" అన్నాడు. సంచి తెరిచి చూస్తే కావలసిన కాగితాలలో చాలావరకు అందులోనే ఉన్నాయి. కాని ఏ రెండు కాగితాల్లోనూ తల్లి పేరు ఒకే విధంగా లేదు.

ఆ కుటుంబం నడిచిన దారినే ఇక్కడ వివరంగా చెప్పదలిచాము. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ప్రభుత్వోద్యోగం చేసి విరమణ పొందిన ముస్లిం పెద్దలు ఎందరో ఉన్నారు. వారి ఇళ్లలోనూ ఇదే చిక్కు ఎదురుకావచ్చు. అందుకే ఆ ఇంటి గుర్తులు తెలియకుండా పేర్లు, లెక్కలు మార్చి ఉదాహరణగా ఇస్తున్నాము.

రెండు పింఛన్లు వేరు

మొదట ఒక పొరపాటును తొలగించుకోవాలి. గ్రామ సచివాలయ సిబ్బంది నెల మొదట్లో ఇంటికి తెచ్చి ఇచ్చే వితంతు పింఛను ఎన్టీఆర్ భరోసా పథకం కిందిది. 2024 జూలై నుంచి అది నెలకు రూ.4,000. అది పేద కుటుంబాలకు ప్రభుత్వం చేసే సామాజిక సహాయం. కుటుంబ పింఛను వేరు. అది భర్త చేసిన ఉద్యోగాన్ని బట్టి, 1980 నాటి ఆంధ్రప్రదేశ్ సవరించిన పింఛను నియమావళిలోని 50వ నియమం కింద భార్యకు లభించే హక్కు. దీనిని చెల్లించేది సచివాలయం కాదు, ట్రెజరీ. ఒకటి తీసుకునేవారికి రెండవది వర్తించదు. కాబట్టి తొందరపడి సచివాలయంలో వితంతు పింఛనుకు అర్జీ పెట్టి, తరువాత కుటుంబ పింఛను మొదలయ్యాక దానిని రద్దు చేయించుకోవలసిన అవస్థ తెచ్చుకోకూడదు.

అంతటికీ మూలం పి.పి.ఓ.

ఉద్యోగి విరమణ చేసినప్పుడు అతడికి పింఛను చెల్లింపు ఉత్తర్వు వస్తుంది. దానినే అందరూ పి.పి.ఓ. అంటారు. దీనికి రెండు భాగాలు. ఒకటి పింఛనుదారుడి చేతిలో ఉంటుంది, రెండవది చెల్లించే ట్రెజరీలో ఉంటుంది. చాలామంది ఇందులో తమ పింఛను అంకె మాత్రమే చూసి బీరువాలో పెట్టేస్తారు. కిందికి చదివితే భార్య పేరు, తన తరువాత ఆమెకు రావలసిన కుటుంబ పింఛను మొత్తం కూడా అందులోనే కనిపిస్తాయి. భార్యాభర్తల ఉమ్మడి ఫోటో కూడా దానితోపాటే ఉంటుంది.

కుటుంబ పింఛనుకు సాధారణ రేటు భర్త చివరగా పొందిన మూలవేతనంలో 30 శాతం. విరమణ తరువాత కొద్ది ఏళ్లలోనే భర్త మరణిస్తే, కొంతకాలం వరకు పెంచిన రేటు చెల్లిస్తారు. ఆ రెండు మొత్తాలూ, పెంచిన రేటు ఏ తేదీ వరకో కూడా పి.పి.ఓ.లోనే రాసి ఉంటుంది. కాబట్టి అమ్మీకి ఎంత వస్తుందని ఊరంతా అడగనక్కరలేదు, ఆ కాగితం చదివితే చాలు.

భార్య పేరు పి.పి.ఓ.లో ఉన్నదంటే కుటుంబ పింఛను ముందే మంజూరై ఉన్నదని అర్థం. అటువంటప్పుడు హైదరాబాదుకు గాని, విజయవాడకు గాని రాయవలసిన పని లేదు. భర్త ఏ ట్రెజరీ నుంచి పింఛను తీసుకునేవారో ఆ ట్రెజరీకే అర్జీ పెట్టుకోవాలి. మా విద్యార్థి తండ్రిది సబ్ ట్రెజరీ, ఇంటికి ఒక గంట దూరం.

పాత పి.పి.ఓ.లలో జిల్లా పేరు తూర్పు గోదావరి అని ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరు జిల్లా అయింది, ఆధార్‌లో చిరునామా ఆ విధంగా మారి ఉండవచ్చు. దీనికి ఎవరూ కంగారు పడనవసరం లేదు. జిల్లా విభజన సంగతి కార్యాలయానికి తెలుసు.

మరణ ధ్రువపత్రం: 21 రోజుల గడువు

ఆ సంచిలో లేని ముఖ్యమైన కాగితం మరణ ధ్రువపత్రం. ఆసుపత్రిలో మరణిస్తే ఆసుపత్రివారే నమోదుకు సమాచారం పంపుతారు. ఇంట్లో మరణిస్తే ఆ బాధ్యత ఇంటి పెద్దది. మసీదు కమిటీ రిజిస్టరులో జనాజా వివరం రాసుకున్నారు కదా, అదే చాలుననుకోవడం మనవారిలో తరచుగా కనిపించే పొరపాటు. ఖబరస్తాన్ రిజిస్టరు సాక్ష్యంగా పనికివస్తుంది గాని, ధ్రువపత్రానికి బదులు కాదు.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజులలోపు తెలియజేస్తే రుసుము లేకుండా నమోదు అవుతుంది. 21 రోజులు దాటి 30 రోజులలోపు అయితే ఆలస్య రుసుము కట్టాలి. 30 రోజులు దాటి సంవత్సరంలోపు అయితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. సంవత్సరం దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. గ్రామంలో పంచాయతీ వద్ద, అమలాపురం వంటి పట్టణంలో మున్సిపాలిటీ వద్ద ఈ నమోదు జరుగుతుంది. మా విద్యార్థి రెండు నెలల తరువాత మేల్కొన్నాడు గనుక అనుమతి కోసం తిరగవలసి వచ్చింది. మరణించిన వారంలోనే వెళ్లి ఉంటే ఒక పూటలో తీరే పనికి మూడు వారాలు పట్టింది.

నమోదు చేయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఊళ్లో పిలిచే పేరు రాయించకూడదు. పి.పి.ఓ. చేతిలో పెట్టుకొని, అందులో ఇంగ్లీషు అక్షరాలు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో భర్త పేరు రాయించాలి. భార్య పేరు రాసే గడిలోనూ అంతే. తప్పు పడితే అదే చట్టంలోని 15వ విభాగం కింద సరిదిద్దించుకునే వీలుంది. కాని ఆ తప్పు ట్రెజరీలో బయటపడేవరకు ఆగితే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

అర్జీతో జతపరచవలసినవి

అర్జీ తెల్లకాగితం మీద రాసినా, ట్రెజరీవారు ఇచ్చిన నమూనాలో నింపినా అందులో పి.పి.ఓ. నంబరు, భర్త మరణించిన తేదీ, వితంతువు పూర్తి పేరు, చిరునామా, ఫోను నంబరు స్పష్టంగా ఉండాలి. దానికి మరణ ధ్రువపత్రం అసలు ప్రతి, భర్త దగ్గరున్న పి.పి.ఓ. భాగం జతచేయాలి. వితంతువు ఆధార్, పాన్ కార్డుల నకళ్లు, ఆమె పేరున ఉన్న బ్యాంకు ఖాతా పుస్తకం మొదటి పేజీ నకలు, ఇటీవలి ఫోటోలు ఇవ్వాలి.

వీటితోపాటు గుర్తింపు వివరాల పత్రం ఒకటి ఉంటుంది. ఒంటిమీది పుట్టుమచ్చల గుర్తులు, నమూనా సంతకాలు అందులో ఉంటాయి. సంతకం రానివారు ఎడమచేతి వేలిముద్రలు వేయాలి. దీనిని గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి. చివరిది పునర్వివాహం చేసుకోలేదన్న ప్రకటన. ఆంధ్రప్రదేశ్ నియమాల ప్రకారం వితంతువుకు మరణం వరకు లేదా పునర్వివాహం వరకు, ఏది ముందైతే అంతవరకే కుటుంబ పింఛను చెల్లుతుంది. వితంతువు మళ్లీ నికాహ్ చేసుకోవడం మన ధర్మంలో తప్పు కాదు, ప్రోత్సహించవలసిన పని. అయితే నికాహ్ తరువాత దానిని దాచి పింఛను తీసుకోవడం మాత్రం అబద్ధపు సాక్ష్యం మీద సొమ్ము తినడమే అవుతుంది.

ఫోటో విషయంలో కొందరు తల్లులు సంకోచిస్తారు. ముఖం కనబడే ఫోటో తప్పదు, ఎందుకంటే దానిని పి.పి.ఓ.తో ఉన్న ఉమ్మడి ఫోటోతో పోల్చాలి. తల కప్పిన హిజాబ్ దీనికి అడ్డు కాదు. స్వయంగా హాజరైనప్పుడు ముఖం చూసి పోల్చే పనిని మహిళా ఉద్యోగి చేత చేయించమని మర్యాదగా కోరవచ్చు.

ట్రెజరీలో ఏమి చూస్తారు

అర్జీ అందాక అక్కడి గుమాస్తా మొదట చేసే పని, మనం ఇచ్చిన పి.పి.ఓ. భాగాన్ని తమ దగ్గరున్న భాగం పక్కన పెట్టి చూడడం. నంబరు, పేర్లు, కుటుంబ పింఛను మొత్తం రెండింటిలో ఒకటిగా ఉండాలి. తరువాత భార్య పేరును పి.పి.ఓ., మరణ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం నాలుగింటిలోనూ పోలుస్తారు. ఆపై ఫోటో, గుర్తులు. ఆ తరువాత భర్తకు ఏ నెల వరకు పింఛను జమ అయిందో చూసి, మరణ తేదీతో లెక్క కడతారు. ఇవన్నీ సరిపోతే కంప్యూటరులో భర్త పేరున చెల్లింపు ఆపి, భార్య పేరున కుటుంబ పింఛను ప్రారంభిస్తారు.

మా విద్యార్థి తల్లి అర్జీ రెండవ మెట్టు దగ్గరే ఆగింది. ఉదాహరణకు చెప్పాలంటే పి.పి.ఓ.లో "ఎస్.కె. జైనబ్ బీ", ఆధార్‌లో "షేక్ జైనబున్నీసా", బ్యాంకులో "జైనబున్నీసా బేగం" అన్నట్లుగా ఉంది. మన ఇళ్లలో ఇది వింత కాదు. పుట్టింట ఒక పేరు, నికాహ్‌నామాలో ఒక పేరు, అత్తింట ఒక పిలుపు. ఇంటిపేరు షేక్ ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట రెండక్షరాలు. బీ, బేగం, ఉన్నీసా అనేవి గౌరవార్థం చేరేవని మనకు తెలుసు. గుమాస్తాకు మాత్రం అవి ముగ్గురు వేర్వేరు స్త్రీల పేర్లుగా కనిపించవచ్చు. అతడి అనుమానం అన్యాయం కాదు. వేరొకరు భార్యనని వచ్చి పింఛను తీసుకుపోకుండా కాపాడేది ఆ అనుమానమే.

దీనికి పరిష్కారం వరుస తప్పకుండా చేయాలి. పి.పి.ఓ. మార్చడం కష్టం, ఆధార్, బ్యాంకు పేర్లు మార్చడం సులువు. కాబట్టి ముందు ఆధార్‌ను పి.పి.ఓ. పేరుకు వీలైనంత దగ్గరగా సరిచేయించి, ఆ ఆధార్‌తో బ్యాంకులో, పాన్‌లో మార్పించాలి. తిరగేసి చేస్తే, అంటే బ్యాంకు పేరుకు ఆధార్‌ను మారిస్తే, అసలు కాగితానికి మరింత దూరమవుతాము. మిగిలిన చిన్న తేడాకు, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ ప్రమాణపత్రం, తహసీల్దారు లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ జతచేస్తారు. మా విద్యార్థి ఈ మార్గంలోనే వెళ్లాడు. ఉమ్మడి ఫోటోలో ఉన్నది తన తల్లేనని స్పష్టంగా తెలియడం కూడా ఆమెకు కలిసివచ్చింది.

పి.పి.ఓ.లో భార్య పేరు అసలే లేకపోతే, లేదా పూర్తిగా మరొక పేరు ఉంటే, ట్రెజరీకి తనంతట తాను చెల్లించే అధికారం లేదు. అప్పుడు పత్రాలు భర్త పనిచేసిన కార్యాలయం ద్వారా పింఛను మంజూరు చేసిన అధికారి వద్దకు వెళ్లాలి. నికాహ్‌నామా, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఇక్కడ అవసరమవుతాయి. నికాహ్‌నామా ఉర్దూలో ఉంటే దాని ధ్రువీకరించిన అనువాదం కూడా సిద్ధం చేసుకోవాలి. భర్త ఉద్యోగంలో ఉండగానే మరణించిన సందర్భంలోనూ దారి ఇదే. అప్పటికి పి.పి.ఓ. ఉండదు గనుక కార్యాలయాధిపతి నుంచే పత్రాలు కదలాలి.

జమ అయిన సొమ్ము ఎవరిది?

మరణవార్త ట్రెజరీకి తెలియనంత కాలం భర్త ఖాతాలో పింఛను పడుతూనే ఉంటుంది. ఏ.టి.ఎం. కార్డు ఇంట్లోనే ఉంటుంది. ఖర్చులు ఎదురుగా ఉంటాయి. మా విద్యార్థి ఇంట్లోనూ ఆ సొమ్ము తీశారు. అది తమ హక్కేననుకున్నారు.

లెక్క చూద్దాం. భర్త చివరి మూలవేతనం రూ.60,000 అనుకుందాం. పింఛను రూ.30,000, సాధారణ రేటున కుటుంబ పింఛను రూ.18,000. కరవు భృతిని ఇక్కడ పక్కన పెడదాం. ఆయన సెప్టెంబరు 12న మరణించారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల పింఛను మొత్తం రూ.60,000 ఆయన ఖాతాలో పడింది. మరణించిన రోజుతో సహా 12 రోజులకు ఆయనకు రావలసింది రూ.12,000. మరునాటి నుంచి కుటుంబ పింఛను మొదలవుతుంది. సెప్టెంబరులో మిగిలిన 18 రోజులకు రూ.10,800, అక్టోబరుకు రూ.18,000. అన్నీ కలిపితే రూ.40,800. అంటే రూ.19,200 అదనంగా వచ్చింది. ఇది ప్రభుత్వానికి తిరిగి చేరవలసిన సొమ్ము. దానిని ఖర్చు చేస్తే తల్లికి రాబోయే కుటుంబ పింఛనులోంచి మినహాయిస్తారు. అందుచేత మరణించిన వారంలోనే ఒక ఉత్తరం ట్రెజరీకి ఇచ్చి, దాని నకలు మీద అందినట్లు ముద్ర వేయించుకోవాలి. ధ్రువపత్రం తరువాత ఇచ్చినా ఫరవాలేదు.

ఈ లెక్కలో మరొక విషయం ఉన్నది. ఆయన బ్రతికి ఉన్న 12 రోజుల రూ.12,000 ఆయన సంపాదించిన హక్కు. అది తర్కాలో భాగం, వారసులందరికీ షరీఅత్ వాటాల ప్రకారం చెందుతుంది. సంతానం ఉంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకుంటే నాలుగో వంతు. కాని కుటుంబ పింఛను ఆయన వదిలివెళ్లిన ఆస్తి కాదు. ఆయన మరణానంతరం ప్రభుత్వం నియమం ప్రకారం భార్యకు ఇచ్చేది. 1991లో వయొలెట్ ఐజాక్ కేసులో సుప్రీంకోర్టు కుటుంబ పింఛను మృతుడి ఆస్తిలో భాగం కాదని, వీలునామాతో దానిని మరొకరికి ఇవ్వలేరని తీర్పు చెప్పింది. కొడుకులు, మరుదులు "మాకూ వాటా ఉంది" అని తల్లి ఖాతాపై చేయి వేయడం ఏ చట్టం ప్రకారమూ సరికాదు. ఇద్దరు వితంతువులు అర్హులైతే మాత్రం నియమమే వారిద్దరికీ సమానంగా పంచుతుంది.

ఇద్దత్, హాజరు, పుట్టిన తేదీ

భర్త మరణించిన స్త్రీకి ఇద్దత్ 4 నెలల 10 రోజులు, గర్భవతి అయితే ప్రసవం వరకు. ఈ కాలంలో ట్రెజరీకి వెళ్లడమెలా అని ఆ తల్లి చాలా బాధపడింది. కాగితాలు సమకూర్చడం, ఉత్తరం అందజేయడం, నమోదు చేయించడం అంతా కొడుకో సోదరుడో చేయవచ్చు. సంతకాలు ఇంట్లోనే పెట్టవచ్చు. స్వయంగా హాజరు కావలసిన రోజు ఒక్కటి వస్తే, దానిని ఇద్దత్ తరువాతకు వాయిదా వేయమని కోరవచ్చు. ఆలస్యమైనా హక్కు పోదు. మరణించిన మరునాటి నుంచి లెక్కగట్టి బకాయి చెల్లిస్తారు. ఇల్లు గడవని పరిస్థితి అయితే, అవసరానికి పగటివేళ బయటికి వెళ్లి రాత్రికి ఇంటికి చేరడం హనఫీ ఫిఖ్‌హ్‌లో అనుమతించబడినదే. తమ పరిస్థితిని దగ్గరలోని ముఫ్తీకి వివరించి నిర్ణయించుకోవాలి.

చివరగా పుట్టిన తేదీ. మా విద్యార్థి తల్లి పి.పి.ఓ.లో పుట్టిన సంవత్సరం 1956 అని ఉంటే, ఆధార్‌లో 1961 జనవరి 1 అని పడింది. ఆధార్ నమోదు చేసిననాడు తేదీ తెలియదంటే అలా రాసేశారు. మన ప్రాంతంలో జనవరి 1న పుట్టినవారు ఇంతమంది ఉండడానికి కారణమిదే. కుటుంబ పింఛను తీసుకునే వారికి 70 ఏళ్లు నిండినప్పటి నుంచి అదనపు పింఛను ఉంటుంది. ఆధార్ సంవత్సరమే లెక్కకు వస్తే ఆమెకు అది 5 ఏళ్లు ఆలస్యమవుతుంది. పేరు సరిచేయించేటప్పుడే తేదీ కూడా, సరైన ఆధారం చూపి, సరిచేయించుకోవడం మేలు. అయితే ఆధారం నిజమైనదై ఉండాలి. వయసు పెంచి రాయించుకోవడం కోసం కాదు ఈ మాట.

పింఛను మొదలైన తరువాత ఏటా నిర్ణీత గడువులో జీవన ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవ్వకపోతే చెల్లింపు ఆగుతుంది. జీవన్ ప్రమాణ్ విధానంలో మొబైల్ ఫోనులో ముఖం చూపి ఇంట్లోనుంచే ఇవ్వవచ్చు. వేలిముద్రలు అరిగిపోయిన ముసలి తల్లులకు ఇది ఎంతో సులువు.

అర్జీ పెట్టిన తరువాత నాలుగో నెలలో ఆ తల్లి ఖాతాలో బకాయితో సహా కుటుంబ పింఛను జమ అయింది, అదనంగా తీసిన సొమ్ము మినహాయించుకొని. ఆ రోజు మా విద్యార్థి మళ్లీ వచ్చి, "ఉస్తాద్, అబ్బా ఉండగా ఒక్కసారి ఆ పి.పి.ఓ. తెరిచి చూసి ఉంటే" అన్నాడు.

ఈ వ్యాసం చదివే ఇళ్లలో పింఛనుదారులు ఉంటే, ఈ వారంలో ఒక రోజు పి.పి.ఓ. బయటికి తీసి, భార్య ఆధార్, బ్యాంకు పుస్తకం దాని పక్కన పెట్టండి. పేరు, పుట్టిన తేదీ, ఫోటో మూడూ చూడండి. పి.పి.ఓ.లో తేడా ఉంటే భర్త స్వయంగా సంతకం చేసి సవరణకు అర్జీ పెట్టుకోగలిగేది ఇప్పుడే. చూసిన తరువాత ఆ కాగితాలు ఎక్కడ ఉన్నాయో భార్యకు చెప్పండి.